ఆగస్టు డబ్బు జనవరిలో పడింది

మా బంధువులమ్మాయి ఒకరు హైదరాబాద్‌లో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకుంది. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా మారితే 42,000. 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేట్లివి. జులై నెలాఖరుకు ఆమెకు రెండేళ్లు నిండాయి. ఆగస్టు నుంచి ఖాతాలో ఒక్క రూపాయి పడలేదు.

హాస్టల్ మెస్ బిల్లు మాత్రం ఏ నెలకా నెల వస్తూనే ఉంది. ఫెలోషిప్ తీసుకునేవాళ్లు మరో ఉద్యోగం చేయకూడదు కాబట్టి, ఈ డబ్బు ఆగితే అప్పు తప్ప దారి లేదు. అక్టోబరులో ఆమె ఇంటికి ఫోన్ చేసి ఎనిమిది వేలు అడిగింది. చదువుకుంటూ ఇంటికి డబ్బు పంపే కూతురు తిరిగి ఇంటినే అడగాల్సి రావడం ఎంత కష్టమో ఆ గొంతులో తెలిసింది.

ఇంతకీ డబ్బు ఎక్కడ ఆగుతుంది? యూజీసీ నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది కదా, మధ్యలో యూనివర్సిటీకి పనేమిటి అని చాలామంది అనుకుంటారు. పని ఉంది. ఈ విద్యార్థి ఈ నెల పరిశోధనలో ఉన్నారని యూనివర్సిటీ ప్రతి నెలా కెనరా బ్యాంకు పోర్టల్‌లో ధ్రువీకరించాలి. గైడు సంతకం, విభాగాధిపతి సంతకం అయ్యాక కాగితం ఫెలోషిప్ సెక్షన్‌కు చేరుతుంది. అక్కడ ఒకరు వివరాలు ఎక్కిస్తారు. వారిని మేకర్ అంటారు. వేరొక అధికారి చూసి ఆమోదిస్తారు, ఆయన చెకర్. మేకర్ ఎక్కించినా చెకర్ నొక్కకపోతే ఆ నెల కదలదు. గడువు దాటితే బకాయి కిందికి వెళుతుంది.

ఆమె విషయంలో అడ్డం పడింది ఎస్ఆర్ఎఫ్ మార్పు. రెండేళ్ల పనిని నిపుణుల కమిటీ చూసి, తృప్తికరంగా ఉందని రాసిస్తేనే ఫెలోషిప్ కొనసాగుతుంది. బయటి నిపుణుడి తేదీ దొరక్క కమిటీ అక్టోబరులో గానీ కూర్చోలేదు.

ఆమె మొదట రాసిన రెండు ఈమెయిళ్లలో ఒకటే ప్రశ్న: "సార్, నా ఫెలోషిప్ ఎప్పుడు పడుతుంది?" దానికి జవాబు రాలేదు. నిజానికి ఆ ప్రశ్నకు సెక్షన్ గుమాస్తా దగ్గర జవాబుండదు, ఎందుకంటే డబ్బు వేసేది ఆయన కాదు. కాగితం తన బల్ల మీదికి ఏ రోజు వచ్చింది, ఏ రోజు వెళ్లింది అన్నది మాత్రం ఆయనకు తెలుసు. నవంబరు చివర్లో ఒక సీనియర్ కూర్చోబెట్టి మూడో ఉత్తరం రాయించాడు. అవార్డు లెటర్ నంబరు, చేరిన తేదీ, చివరిగా డబ్బు పడిన నెల పైన పెట్టి, కింద ఇలా అడిగింది: "కమిటీ నివేదిక మీ సెక్షన్‌కు ఏ తేదీన అందింది? పోర్టల్‌లో ఏ తేదీన ఎక్కించారు? చెకర్ ఆమోదం అయిందా? తిరస్కరణ ఉంటే కారణం ఏమిటి?"

నాలుగో రోజు జవాబొచ్చింది. నివేదిక అందింది గానీ విభాగాధిపతి ముద్ర లేక పక్కన పెట్టారు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. నెల రోజుల ఆలస్యానికి కారణం ఒక్క రబ్బరు ముద్ర! నాకు బాధ కలిగించింది ముద్ర లేకపోవడం కాదు, చెప్పకపోవడం. ఇలాంటి ఉత్తరానికీ జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలను సమాచార హక్కు దరఖాస్తుగా పెట్టవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయమైతే రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

జనవరిలో ఐదు నెలల డబ్బు ఒకేసారి పడింది: 2,00,000. సంబరపడి ఊరుకోకుండా ఆమె లెక్క వేసుకుంది. నెలకు 42,000 చొప్పున ఐదు నెలలకు 2,10,000 రావాలి. పది వేలు తక్కువ. ఆగస్టు, సెప్టెంబరు నెలలకు పాత 37,000 చొప్పునే కట్టారన్నమాట. ఎస్ఆర్ఎఫ్ మొదలైన తేదీగా రెండేళ్లు నిండిన మర్నాడు వేయాల్సింది పోయి, కమిటీ కూర్చున్న నెలను వేశారు. బకాయి ఒకే మొత్తంగా పడితే ఇలాంటి తేడా కంటికి కనిపించదు, నెలవారీగా విడదీసి చూసుకోవాలి.

ఆమె మళ్లీ ఉత్తరం రాసింది. జాయినింగ్ రిపోర్టు ప్రతి జతచేసి, తేదీ సవరించమని కోరింది. మార్చిలో ఆ పది వేలు పడ్డాయి. ఇప్పుడు తన హాస్టల్‌లో జులైకి రెండేళ్లు నిండేవాళ్లు ఇద్దరున్నారు. కమిటీ తేదీ ఖాయం చేయమని ఏప్రిల్‌లోనే వాళ్ల చేత విభాగానికి రాయించింది. ఉత్తరం నకలు మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకున్నాకే ఆ ఇద్దరినీ ఆఫీసు గుమ్మం దాటనిచ్చింది.