పోపు మాత్రం ఏ రోజుకారోజే

రాత్రి తొమ్మిది దాటాక ఆఫీసు నుంచి ఇల్లు చేరేవారికి అన్నం పెద్ద పనేం కాదు, కుక్కర్ స్విచ్ నొక్కితే అయిపోతుంది. ఇబ్బందంతా కూర దగ్గరే. అందుకని కొందరు ఆదివారమే ఐదు కూరలూ వండి ఫ్రిజ్‌లో సర్దేస్తారు. బుధవారానికల్లా వాటి మొహం చూడబుద్ధి కాదు. అంతకంటే, ఉడికించడం, వేయించడం వరకు ముందే కానిచ్చి, పోపు ఏ రోజుకారోజు పెట్టుకోవడం మేలు.

ఒక్కరికి లెక్క చూద్దాం. కుక్కర్లో కప్పు కందిపప్పు పసుపు వేసి ఉడికించాలి. శనివారం రాత్రి నానబెట్టిన కప్పు శనగలు తర్వాతి విడత. ఈలోగా రెండో పొయ్యి మీద అరకిలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లంవెల్లుల్లి, అరకిలో టమాటాలు వేసి మగ్గనివ్వాలి. తొందరపడి దించకండి. నూనె అంచులకు తేలిందంటే నీరు ఇగిరినట్టు. నీరు మిగిలిన ముద్ద త్వరగా పాడవుతుంది. చివరగా చింతపండు గుజ్జులో పచ్చిమిర్చి, ఉప్పు, పసుపు, కాస్త ఎక్కువ నూనె వేసి దగ్గరకు ఉడికిస్తే పులిహోర పులుసు సిద్ధం. అంతా కలిపి రెండు గంటల పని.

అసలు తప్పు జరిగేది ఆ తర్వాతే. లోతు గిన్నెలో పప్పు పైన చల్లబడ్డా మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, సూక్ష్మజీవులకు కావాల్సింది అదే. అందుకే వెడల్పాటి డబ్బాల్లో పల్చగా సర్ది, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడైనా మూడు నాలుగు రోజులే గడువు. కాబట్టి గురు, శుక్రవారాల వాటా ఆదివారమే ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. నురగ, జిగురు, పుల్లటి వాసన కనబడిన పప్పును మళ్లీ మరిగించి తినే ప్రయత్నం వద్దు.

సోమవారం రెండు గరిటెల ఉల్లి టమాటా ముద్దతో టమాటా పప్పు. మంగళవారం అదే ముద్దలో ఉడికించిన గుడ్లు, కారం, ధనియాల పొడి. బుధవారం ఎంత ఆలస్యమైనా పులిహోరే, పల్లీలు, కరివేపాకు పోపు పడితే చాలు. ఆ రాత్రే గురువారం పప్పు ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించితే, మర్నాడు పాలకూర కలపడమే. శుక్రవారం శనగల కూర, దానికి కావాల్సిన ముద్ద కూడా ఫ్రీజర్‌దే. బంగాళాదుంప కూర మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, ముక్క పిండిపిండిగా, నీళ్లోడుతూ తయారవుతుంది.

అన్నం ఐదు రోజులకు ఒకేసారి వండకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మిగిలిన అన్నం గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే తినేయాలి.