ఒకే బిల్లు, మూడు లెక్కలు

అమీర్‌పేటలో ఓ ఫ్లాట్. నలుగురు కుర్రాళ్లు కలిసి ఉంటున్నారు. ఫైబర్ కనెక్షన్, దానితోపాటు వచ్చిన ల్యాండ్‌లైన్ ఒంగోలు అబ్బాయి పేరున ఉన్నాయి. ఆగస్టు మొదటి వారంలో బిల్లు వచ్చింది. దాని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "1,180. తలా 295 కొట్టండి" అని రాశాడు. ఇలాంటి మెసేజ్ నగరంలో ఎన్ని గదుల్లో తిరుగుతుందో! ఇది ఊహించిన ఉదాహరణే అయినా అంకెలు మాత్రం అసలు బిల్లుల్లో పడే తీరులోనే వేసినవి.

ఆ ఫొటోలో నాలుగు వరుసలున్నాయి. ప్లాన్ అద్దె 799 రూపాయలు. వాడకం చార్జీలు 151. లేట్ ఫీజు 50. ఈ మూడూ కలిపితే వెయ్యి. దానిమీద పన్ను 180.

అంకెల కంటే ముందు చూడాల్సినవి ఆ వరుసల పక్కన చిన్న అక్షరాల్లో ఉండే తేదీలు. చాలా కంపెనీలు అద్దెను ముందుగానే వసూలు చేస్తాయి. వాడకాన్ని మాత్రం జరిగిపోయిన నెలకు లెక్కగడతాయి. ఈ బిల్లులోనూ అంతే. 799 ఆగస్టు 1 నుంచి 31 దాకా అద్దె. 151 జులైలో చేసిన ఫోన్ల ఖర్చు. లేట్ ఫీజు ఈ రెండింటికీ సంబంధం లేనిది. అంతకుముందు వచ్చిన బిల్లును గడువులోగా కట్టనందుకు పడింది. అంటే ఒక్క కాగితం మీద మూడు వేర్వేరు సంగతులు చేరాయి. గదిలో ఎవరూ మారకపోతే దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. మనుషులు మారితేనే చిక్కు. కొన్ని కంపెనీలు అద్దెనూ నెల గడిచాకే వేస్తాయి కాబట్టి తేదీ చూడకుండా ఫలానా నెలదని అనుకోకూడదు.

ఈ గదిలో మారారు కూడా. కర్నూలు అబ్బాయి జులై 31న ఖాళీ చేశాడు. మర్నాడు సిద్దిపేట అబ్బాయి చేరాడు. ఖమ్మం, నిజామాబాద్ అబ్బాయిలు పాతవాళ్లే. తలా 295 అంటే సిద్దిపేట అబ్బాయి తాను గదిలో లేని నెల ఫోన్లకూ, తనకు తెలియని ఆలస్యానికీ డబ్బు కడుతున్నాడన్నమాట.

ఇక పంపకం. ముందుగా పన్నును విడిగా పెట్టి నాలుగు భాగాలు చేయడం మానేయాలి. టెలికాం సేవల మీద జీఎస్టీ 18 శాతం. ఒకే రాష్ట్రంలో అయితే 9 శాతం కేంద్రానిది, 9 శాతం రాష్ట్రానిది. ఏ వరుస ఎవరిదో దాని పన్నూ వాళ్లదే. లేట్ ఫీజు జరిమానా కదా, దానికి పన్నేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. సేవకు డబ్బు ఆలస్యంగా కట్టినందుకు వేసే రుసుమును కూడా జీఎస్టీ చట్టం సేవ విలువలోనే కలుపుతుంది. అందుకే 50 కాస్తా 59 అవుతుంది.

అద్దె 799కి పన్ను కలిపితే 942.82. ఇది ఆగస్టులో ఉంటున్న నలుగురిదీ, తలా 235.70. మిగిలే రెండు పైసలు ఒంగోలు అబ్బాయి భరిస్తాడు, కనెక్షన్ యజమాని కదా!

వాడకం 151. రెండో పేజీలో కాల్స్ పట్టీ చూస్తే అన్నీ దుబాయ్ నంబరుకు చేసినవే. అక్కడ వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి కాబట్టి కర్నూలు అబ్బాయి వాళ్లన్నయ్యతో ల్యాండ్‌లైన్ నుంచే మాట్లాడాడు. పన్నుతో 178.18 అతనిదే. గది ఖాళీ చేసినా ఇది చెల్లించాలి.

గదుల్లో అసలు గొడవ మాత్రం ఈ వరుస గురించి రాదు. "రాత్రంతా సినిమాలు డౌన్‌లోడ్ చేసేది వాడు, నేనెందుకు సమానంగా ఇవ్వాలి?" అన్న దగ్గర వస్తుంది. ఇప్పటి అన్‌లిమిటెడ్ ప్లాన్లలో నెలవారీ పరిమితి దాటితే సాధారణంగా వేగం తగ్గుతుంది తప్ప బిల్లు పెరగదు. డేటా పేరుతో వాడకం వరుసలో ఒక్క రూపాయీ పడనప్పుడు ఎవరెంత వాడారని తగువు పడడంలో అర్థం లేదు. వేగం తగ్గిందని తిట్టుకోవచ్చు, అది వేరే పంచాయితీ.

లేట్ ఫీజు ఎవరిదో బిల్లు చెప్పదు. దానికి యూపీఐ హిస్టరీ తిరగేయాలి. జులై 18 గడువు. ఇద్దరి వాటాలు 15వ తేదీకే చేరాయి. నిజామాబాద్ అబ్బాయి 21న పంపాడు. అందరిదీ వస్తేనే కడదామని ఒంగోలు అబ్బాయి ఆగాడు. కాబట్టి 59 నిజామాబాద్ వైపు వెళుతుంది, అతని మొత్తం 294.70. తలా 295 లెక్కలో అతనికి దాదాపు తేడా లేదు. సిద్దిపేట అబ్బాయికి మాత్రం 59 రూపాయల పైచిలుకు మిగిలింది. ఒకవేళ డబ్బంతా 15వ తేదీకే చేతికొచ్చి, ఒంగోలు అబ్బాయే మర్చిపోయి ఉంటే ఆ 59 అతని నెత్తిన పడేది.

ఇదంతా ఫొటోలోని అంకెలు సరిగ్గా చదివితేనే. వాట్సాప్‌లో నలిగి వచ్చిన చిత్రంలో 3కీ 8కీ, 1కీ 7కీ తేడా తెలియదు, దశాంశ చుక్క మాయమవుతుంది. అప్పుడు పన్ను వరుస సాక్ష్యానికి వస్తుంది. కేంద్ర జీఎస్టీ, రాష్ట్ర జీఎస్టీ రెండూ సమానంగా ఉండాలి. ఒకటి 90, రెండోది 96 అని కనిపిస్తే కన్ను పొరబడినట్టే. లేట్ ఫీజును 80 అని చదివారనుకుందాం. మొత్తం 1,030, దానిమీద 18 శాతం 185.40 రావాలి. బిల్లులో పన్ను 180 అని ఉంది కాబట్టి ఫీజు 80 కాదు. ఈ పరీక్షలో పాత బాకీని కలపకూడదు. దానిమీద పన్ను అప్పటి బిల్లులోనే పడిపోయింది. తిరిగి ఇచ్చే డిపాజిట్‌ను కూడా పక్కన పెట్టాలి.

మొదటి పేజీ ఒక్కటే ఫొటో తీసి పెడితే మరో పొరపాటు జరుగుతుంది. అక్కడ సాధారణంగా రెండు మొత్తాలుంటాయి: గడువులోగా కడితే ఇంత, దాటితే ఇంత. రెండోదాంట్లో కలిసిన అదనం ఇంకా పడని ఫీజు. దాన్ని చూసి లేట్ ఫీజు రెండుసార్లు వేశారని గోల చేసేవాళ్లున్నారు. ఫొటోకు బదులు కంపెనీ యాప్ నుంచి పీడీఎఫ్ దింపి అన్ని పేజీలూ పంపితే ఈ తంటా ఉండదు. గ్రూపులో పెట్టేముందు అకౌంట్ నంబరు, చిరునామా, కాల్స్ పట్టీలోని నంబర్లు కప్పేయడం మంచిది. ఎవరో ఫార్వర్డ్ చేసిన బిల్లు చిత్రంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి డబ్బు కట్టొద్దు. కోడ్ మార్చి అతికించడం కష్టమేం కాదు. యాప్‌లోకి వెళ్లి సొంత అకౌంట్ ద్వారా కడితే సరి.

ఏ వరుసైనా నిజంగానే తప్పుగా పడిందనిపిస్తే కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. ట్రాయ్ నిబంధనల ప్రకారం ఈ ఏర్పాటు ఉండి తీరాలి. డాకెట్ నంబరు లేకపోతే ఫిర్యాదు చేసినట్టు చూపించడం కష్టం.

ఇక గది ఖాళీ చేసేవాళ్లతో లెక్క తేల్చుకునేటప్పుడు చేతిలో ఉన్న బిల్లుతో ఆగొద్దు. చివరి నెల ఫోన్ల ఖర్చు తర్వాతి బిల్లులోనే వస్తుంది. ఇంకా బిల్లు కాని మొత్తం ఎంతో యాప్‌లో కనిపిస్తే అది చూసి, లేదంటే వచ్చే బిల్లు దాకా అడ్వాన్సులో కొంత ఆపి, అప్పుడు తాళం చెవి తీసుకోండి.