నాలుగు వేల ఆప్షన్లా, ఆరు లక్షల జీతమా?

మాదాపూర్‌లో ముప్పై మంది పనిచేసే ఓ స్టార్టప్ యజమాని, కొత్తగా చేరబోయే ఇంజనీరుకు ఉత్తరం రాశాడనుకుందాం. "మీ ముందు రెండు దారులున్నాయి. ఏడాదికి 24 లక్షల జీతం, ఆప్షన్లు ఉండవు. లేదంటే 18 లక్షల జీతం, దాంతోపాటు 4,000 స్టాక్ ఆప్షన్లు. మొన్న ఇన్వెస్టర్లు మన షేరును వెయ్యి రూపాయలకు కొన్నారు. మీకు పది రూపాయలకే ఇస్తాం."

ఎవరైనా వెంటనే వేసే లెక్క ఒకటే. వెయ్యి చొప్పున నాలుగు వేల షేర్లంటే 40 లక్షలు. నాలుగేళ్లలో వదులుకునే జీతం 24 లక్షలు. పైగా 2018లో వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాను 1,600 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఆప్షన్లతో కోటీశ్వరులైన ఉద్యోగుల కథలు ఐటీ క్యాంటీన్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్ 2024 జూలైకల్లా దివాలా ప్రక్రియలో పడిందన్న సంగతి మాత్రం ఆ టేబుల్ దగ్గర అంతగా వినబడదు.

అసలు ఆప్షన్ అంటే షేరు కాదు, ముందే అనుకున్న ధరకు షేరు కొనుక్కునే హక్కు. ఆ హక్కూ చేరిన రోజే చేతికి రాదు. ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడవాలని మన కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. మామూలుగా నాలుగేళ్ల పథకం ఉంటుంది, ఏడాదికి నాలుగోవంతు చొప్పున హక్కు వస్తుంది. పదకొండో నెలలో మానేస్తే మిగిలేది సున్నా.

మన ఇంజనీరు మూడేళ్లకు మానేశాడనుకుందాం. అప్పటికి 3,000 ఆప్షన్లు అతనివి. చాలా కంపెనీలు మానేశాక 90 రోజుల్లోగా కొనుక్కోవాలని గడువు పెడతాయి. పది రూపాయల చొప్పున 30,000 కడితే సరిపోతుందనుకుంటాడు పాపం. అసలు బరువు పన్నుది. కంపెనీ లిస్ట్ కాలేదు కాబట్టి షేరు విలువను మర్చంట్ బ్యాంకర్ నిర్ణయిస్తాడు. అది 600 అనుకుంటే, పదికి కొన్న షేరుపై మిగతా 590 రూపాయలు అతనికి జీతం కిందే లెక్క. మూడు వేల షేర్లకు 17.7 లక్షలు. 18 లక్షల జీతానికి ఇది కలిస్తే, 2025-26 కొత్త పన్ను విధానం స్లాబుల్లో అదనంగా కట్టాల్సింది దాదాపు 5 లక్షలు. చేతికి పైసా రాలేదు, షేర్లు కొనే వాడు లేడు, పన్ను మాత్రం నగదుగా కట్టాలి.

2020లో కేంద్రం ఈ పన్నుకు వాయిదా సౌకర్యం తెచ్చింది. అది అన్ని స్టార్టప్‌లకూ కాదు, పన్ను మినహాయింపు కోసం ప్రభుత్వ బోర్డు నుంచి ప్రత్యేక ధ్రువీకరణ పొందిన వాటికే. పైగా షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా వాయిదా అక్కడితో ఆగిపోతుంది. అంటే మానేసి కొనుక్కునే మన ఇంజనీరుకు అది అక్కరకు రాదు.

సరే, అతను మానకుండా నాలుగేళ్లూ ఉన్నాడు, కంపెనీ 60 కోట్లకు అమ్ముడుపోయింది. మొత్తం షేర్లు 10 లక్షలు. షేరుకు 600 చొప్పున 24 లక్షలు వస్తాయి, వదులుకున్న జీతం తిరిగొచ్చినట్టే అనిపిస్తుంది. కానీ ఇన్వెస్టర్లు 40 కోట్లు పెట్టి 4 లక్షల షేర్లు తీసుకున్నారు. అమ్మకం జరిగితే ముందు తమ డబ్బు తమకు రావాలన్నది వాళ్ల ఒప్పందం. వాళ్ల 40 కోట్లు పోగా మిగిలిన 20 కోట్లే మిగతా 6 లక్షల షేర్లకు. షేరుకు 333 రూపాయలు. ఇంజనీరు వాటా సుమారు 13 లక్షలు, అదీ పన్నుకు ముందు. వెయ్యి రూపాయలు ఇన్వెస్టరు షేరు ధర, ఉద్యోగి షేరుది కాదు. ఉత్తరంలో ఈ ముక్క లేదు.

యజమాని మోసం చేశాడని కాదు. చేతిలో నగదు తక్కువున్న చిన్న కంపెనీకి మంచి మనిషిని తెచ్చుకునే దారి ఇదే, కంపెనీ పదింతలైతే ఆ 4,000 ఆప్షన్ల ముందు జీతం తేడా చిల్లర. కాకపోతే ఇంటి ఈఎంఐ మీద నడిచేవాడు అటువైపు చూడకపోవడమే మంచిది.

ఇలాంటి ఉత్తరం అందుకున్నవాళ్లు సంతకానికి ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: కంపెనీలో మొత్తం షేర్లెన్ని, అమ్మితే ఇన్వెస్టర్లు ముందుగా ఎంత తీసుకుంటారు, మానేశాక కొనుక్కోవడానికి గడువెంత. గడువు మాట్లాడుకోవచ్చు. కొన్ని కంపెనీలు 90 రోజుల బదులు ఏళ్ల తరబడి ఇస్తున్నాయి.