నాలుగోసారి కూడా మొదటి ఆర్డరే!

ఇంట్లో పచ్చళ్లు, పొడులు తయారుచేసి ఆన్‌లైన్లో అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. కొత్తవాళ్లను రాబట్టడానికి మొదటి ఆర్డరు మీద పాతిక శాతం తగ్గింపు పెట్టారు. నెల తిరిగేసరికి కొత్త ఖాతాలు బాగానే పెరిగాయి. చేతిలో డబ్బు మాత్రం మిగల్లేదు. ఆర్డర్ల జాబితాను పిన్‌కోడ్ వరసలో పేర్చి చూస్తే సంగతి బయటపడింది. వేర్వేరు పేర్లు, వేర్వేరు ఈమెయిళ్లు, చిరునామాలు మాత్రం ఇలా ఉన్నాయి:

```
Flat No. 302, Sai Residency, 500072
F-302 Sai Residncy, 500072
302, 3rd Floor, Sai Resi., 500072
```

కంప్యూటర్‌కు ఇవి మూడు చిరునామాలు. కొరియర్ కుర్రాడికి మాత్రం ఒకటే గుమ్మం.

దీనివల్ల ఎంత పోతుందో లెక్క వేద్దాం. ఆర్డరు విలువ 800 రూపాయలు. సరుకుకు 440, సీసాలూ ప్యాకింగుకూ 40, కొరియర్‌కు 80 ఖర్చు. పూర్తి ధరకు అమ్మితే పేమెంట్ గేట్‌వే కోత 16 పోగా 224 మిగులుతుంది. 200 తగ్గించి ఇస్తే గేట్‌వేకు 12 పోయి, చేతికి వచ్చేది 28 రూపాయలు. నచ్చినవాళ్లు మళ్లీ పూర్తి ధరకు కొంటారన్న ఆశతోనే దుకాణదారు ఆ 28కి ఒప్పుకుంటాడు. నాలుగుసార్లు సక్రమంగా కొన్న మనిషి వల్ల 700 మిగులుతుంది. నాలుగుసార్లూ ‘కొత్త’గా వచ్చిన మనిషి వల్ల మిగిలేది 112. ఒక్కో ఆర్డరు విడిగా చూస్తే నష్టం కనిపించదు కాబట్టే ఈ చిల్లు ఆలస్యంగా తెలుస్తుంది.

చాలామంది దుకాణదారులు సెట్టింగుల్లో ఒక గడి నింపి, ఇక భయం లేదనుకుంటారు. వూకామర్స్‌లో దాని పేరు `Usage limit per user`. షాపిఫైలో ‘ఒక్కో కస్టమర్‌కు ఒక్కసారే’ అన్న అర్థంలో అలాంటిదే ఉంది. అది పెట్టాల్సిందే, కానీ దాని పరిధి చిన్నది. వూకామర్స్ మనిషిని గుర్తుపట్టేది ఖాతాను బట్టి, ఈమెయిల్‌ను బట్టి. షాపిఫై ఈమెయిల్‌నో ఫోన్ నంబరునో చూస్తుంది. జీమెయిల్‌లో `name@gmail.com`, `n.a.me@gmail.com`, `name+2@gmail.com` అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌కు చేరతాయి. చుక్కలను జీమెయిల్ లెక్కలోకి తీసుకోదు, ప్లస్ గుర్తు తర్వాత ఉన్నదాన్ని వదిలేస్తుంది. దుకాణం సాఫ్ట్‌వేర్ అక్షరం అక్షరం పోల్చి చూస్తే మాత్రం ముగ్గురు మనుషులు కనిపిస్తారు. కాబట్టి జీమెయిల్ చిరునామాల్లో చుక్కలు, ప్లస్ తర్వాతి భాగం తీసేశాకే పోల్చాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ‘మనిషికి ఒక్కసారి’ అన్న నియమం వేరు, ‘మొదటి ఆర్డరుకే’ అన్న నియమం వేరు. ఒక్కసారే అని పెడితే, ఇదివరకు పదిసార్లు కొన్నా ఈ కోడ్ వాడని పాత కస్టమర్ కూడా దర్జాగా వాడుకోవచ్చు.

ఈమెయిల్ ఉచితం, ఎన్నయినా తెరవచ్చు. అంత సులువుగా మార్చలేని వాటిమీదే తనిఖీ పెట్టాలి. అందులో మొదటిది ఫోన్ నంబరు. ఓటీపీ వచ్చాకే కూపన్ పనిచేసేలా పెడితే ఊరికే పుట్టించిన ఖాతాలు చాలావరకు ఆగిపోతాయి. అయినా మన ఇళ్లలో తలా ఒక ఫోను ఉంటుంది. పైగా మన దేశంలో చాలా రాష్ట్రాల్లో ఒక మనిషి పేరిట 9 సిమ్‌ల దాకా తీసుకోవచ్చు. అందుకని ఓటీపీ వేగం తగ్గిస్తుందే తప్ప దారి మూసేయదు.

రెండోది, అన్నిటికంటే గట్టిది, డెలివరీ చిరునామా. పేరు అబద్ధం కావచ్చు గానీ, పచ్చడి సీసా చేరాల్సిన గుమ్మం అబద్ధం కాలేదు. చిక్కల్లా రాత తీరుతోనే. చెకవుట్ పేజీలో చిరునామాకు ఒకే పెద్ద పెట్టె ఇవ్వకుండా ఇంటి నంబరుకు, భవనం పేరుకు, పిన్‌కోడ్‌కు వేర్వేరు గడులు పెట్టండి. ఇంటి నంబరు గడిలోంచి మొదట వచ్చే అంకెల వరుసను మాత్రమే తీసుకుని పిన్‌కోడ్ పక్కన చేరిస్తే పై మూడూ `500072-302` అవుతాయి. అదే పిన్‌కోడ్‌లో ఇంకో భవనంలోనూ 302 ఉండవచ్చు. కాబట్టి ఇది తీర్పు కాదు, అనుమానం మాత్రమే. రోజుకు పాతిక ముప్పై ఆర్డర్లు వచ్చే దుకాణంలో అలా కలిసినవి ఏ రెండో మూడో ఉంటాయి. భవనం పేరు కంటితో చూసి తేల్చుకోవడానికి నిమిషం పట్టదు.

హాస్టళ్లు, ఆఫీసులు, ఉమ్మడి కుటుంబాల విషయంలో జాగ్రత్త పడాలి. ఒకే హాస్టల్ నుంచి పదిమంది నిజంగానే కొత్తవాళ్లు రావచ్చు. అందుకే చిరునామా ఒక్కటే కలిస్తే వదిలేయండి. చిరునామాతో పాటు ఫోన్ నంబరో, డబ్బు కట్టిన యూపీఐ ఐడీయో కూడా పాత ఆర్డరుతో కలిస్తేనే కూపన్ ఆపండి. ఐపీ అడ్రస్‌ను బట్టి ఆపమని కొందరు సలహా ఇస్తారు. మొబైల్ నెట్‌వర్క్‌ల్లో ఒకే ఐపీ వెనుక బోలెడంతమంది ఉంటారు, ఒకరిని ఆపబోతే ఏ పాపమూ ఎరగనివాళ్లూ ఆగిపోతారు. ఇక కూపన్ కోసం ఆధార్ అడగడం మరీ అతి. రెండొందల తగ్గింపుకు అంత సమాచారం దగ్గర పెట్టుకుంటే, దాన్ని కాపాడే భారం కూడా మీదే.

దొరికినప్పుడు ఏం చేయాలి? ఆర్డరు రద్దు చేయకండి, నిందించకండి. డబ్బు కట్టకముందే, ‘ఈ చిరునామాకు స్వాగత తగ్గింపు ఇదివరకే అందిందండీ, పూర్తి ధరకు ఆర్డరు కొనసాగించవచ్చు. పొరపాటైతే మాకు ఫోన్ చేయండి’ అన్న సందేశం కనిపిస్తే చాలు. పచ్చడి నిజంగా నచ్చినవాళ్లలో కొందరైనా పూర్తి ధరకు కొంటారు.

కాపలా ఎంత పెట్టినా, మోసంలో లాభం ఉన్నంతకాలం ప్రయత్నాలు ఆగవు. కాబట్టి తగ్గింపు రూపమే మార్చాలి. అందరికీ తెలిసే `WELCOME25` లాంటి కోడ్ కూపన్ల సైట్లలోకి ఎక్కేస్తుంది. దాని బదులు నంబరు నిర్ధారించుకున్న ఒక్కొక్కరికీ ఒక్కసారే పనిచేసే విడి కోడ్ పంపండి. ఆపైన అదే 200 రూపాయలను రెండుగా విడదీయండి. మొదటి ఆర్డరుకు 50, అదే ఖాతాలో అరవై రోజుల్లోపు చేసే రెండో ఆర్డరుకు 150. రెండో భాగాన్ని మొదటి ఆర్డరు డబ్బు చేతికి వచ్చాకే జమ చేయండి. ఇప్పుడు ప్రతిసారీ కొత్త ఖాతా తెరిచేవాడికి దక్కేది యాభయ్యే. రెండేసి ఆర్డర్లకు ఖాతా మార్చినా, సగటున ఆర్డరుకు వందకు మించదు. పాత ఖాతాలో ఉండిపోయిన కస్టమర్‌కు మాత్రం ఇస్తానన్న 200 పూర్తిగా అందుతుంది.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు గత మూడు నెలల ఆర్డర్లను ఒక షీట్‌లోకి దించి, పిన్‌కోడ్, ఇంటి నంబరు వరసలో పేర్చి చూడండి. కొత్త ఖాతాలెన్నో, అవి చేరిన గుమ్మాలెన్నో విడివిడిగా లెక్కపెట్టండి. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే మీ కూపన్ సరిగానే పనిచేస్తోంది, దాని జోలికి పోకండి. ఖాతాల కంటే గుమ్మాలు బాగా తక్కువగా ఉంటే మాత్రం, ఇవాళే ఆ కోడ్ ఆపేసి తగ్గింపును రెండో ఆర్డరుకు మార్చండి.