రాని స్నేహితుడితో ఆ మాట

నాన్నో అమ్మో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరెవరు చూడ్డానికి వచ్చారో అడిగితే గబుక్కున చెప్పలేం. రానివాళ్లు మాత్రం పేరుపేరునా గుర్తుంటారు. అందులో ప్రాణస్నేహితుడు ఒకడుంటే, ఇంటికొచ్చి అంతా సర్దుకున్నాక కూడా ఆ ముల్లు లోపల అలాగే ఉంటుంది.

ఈ బాధని మనవాళ్లు నేరుగా చెప్పరు. నిన్నటిదాకా ‘ఏరా’ అన్నవాణ్ని హఠాత్తుగా ‘మీరు’ అనడం మొదలుపెడతారు. ‘పెద్దవాళ్లయిపోయారు, మేమెక్కడ గుర్తుంటాం’ అని దెప్పుతారు. లేదా ఇద్దరికీ తెలిసిన మూడోవాడి దగ్గర వెళ్లగక్కుతారు. అది రెండు రోజుల్లో, మరికాస్త మసాలా కలిసి, చేరాల్సిన చోటికి చేరుతుంది. ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకతను గుంటూరులో ఉంటాడు, ఇంటర్ నాటి స్నేహితుడు హైదరాబాదులో. గుంటూరతని నాన్నకి పక్షవాతం వచ్చి ఐసీయూలో పెట్టారు. తలకి ఆపరేషన్ అవసరం పడొచ్చు, సంతకం పెట్టమని డాక్టరు అర్ధరాత్రి అడిగితే, ఇతను మొదట ఫోన్ చేసింది ఆ స్నేహితుడికే. ఎత్తలేదు. పొద్దున వాట్సాప్‌లో ‘ధైర్యంగా ఉండరా, ఏమైనా కావాలంటే చెప్పు’ అని వచ్చింది. ఆ తర్వాత రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. నాన్న ఇంటికొచ్చారు, ఫిజియోథెరపీ నడుస్తోంది. మాట ఇంకా పూర్తిగా తిరగని ఆ మనిషి ఒకరోజు కూడబలుక్కుని అడిగారు: ‘వాడు... రాలేదేం?’

మాట్లాడే ముందు గుంటూరతను తేల్చుకోవాల్సింది ఒకటుంది. తనకి తెలిసిందేమిటి, తాను ఊహించిందేమిటి? ఫోన్ ఎత్తలేదు, ఒక్క మెసేజ్ పెట్టాడు, రాలేదు. తెలిసింది ఇంతే. ‘వాడికి మేమంటే లెక్కలేదు’ అన్నది ఊహ. ఈ రెండూ మన బుర్రలో ఎంత సులువుగా కలిసిపోతాయో చూపే పాత ప్రయోగం ఒకటుంది. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు విద్యార్థుల చేత క్యూబా నేత కాస్ట్రో మీద రాసిన వ్యాసాలు చదివించారు. కొన్ని అనుకూలం, కొన్ని వ్యతిరేకం. ఏ పక్షాన రాయాలో రాసినవాళ్లకి ముందే చెప్పేశామనీ, ఎంచుకునే వీల్లేదనీ చెప్పినా, చదివినవాళ్లు అనుకూలంగా రాసినవాడు కాస్ట్రో అభిమానే అయ్యుంటాడన్న వైపే మొగ్గారు. ఎదుటివాడి చేతల వెనక పరిస్థితి ఉందని మన కళ్ల ముందే చెప్పినా, వాడి బుద్ధే అంతని అనుకోవడానికి మొగ్గుతాం. పరిస్థితి ఏమిటో అసలు తెలియనప్పుడు సంగతి చెప్పక్కర్లేదు.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు కూడా తోడవుతుంది. ‘అంత దూరం నుంచి ఎందుకులేరా, బావ ఉన్నాడు, నువ్వేం రాకు’ అంటాం. మర్యాదకి అన్న ఆ మాట దాటి వస్తాడని ఎదురుచూస్తాం. కొందరు ఆ మాటని ఉన్నదున్నట్టే తీసుకుంటారు. అందుకని గుంటూరతను నిష్ఠూరమాడే ముందు ఆ రోజుల మెసేజ్‌లు ఒకసారి పైకి జరిపి చూసుకోవడం మంచిది. ఒక్కోసారి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక అసలు మాట. ‘నువ్వెందుకు రాలేదు?’ అని మొదలుపెడితే అది పోలీసు ప్రశ్న. ఎదుటివాడు సంజాయిషీ వెతుక్కుంటాడు, బాధ వినడు. ‘నీకేవో పనులుండే ఉంటాయిలే’ అని మొదలుపెడితే ఇంకా ఘోరం. ఇంగ్లీషులో రాసిన సలహా పుస్తకాలు ఎదుటివారి కారణాలని ముందే ఒప్పుకోమంటాయి. తెలుగులో ఆ ‘లే’ తగిలిందంటే అది ఒప్పుకోలు కాదు, ఎత్తిపొడుపు. దాని వెనకే ‘కానీ’ వస్తే చెప్పిందంతా చెరిగిపోతుంది.

కాబట్టి జరిగింది ముందు చెప్పాలి, బాధ తర్వాత, తెలియనిది చివర. గుంటూరతని మాట ఇలా ఉండొచ్చు: ‘ఒరే, ఒక మాట లోపల పెట్టుకుని తిరగలేకపోతున్నా. నాన్న ఐసీయూలో ఉన్న రాత్రి ముందు నీకే ఫోన్ చేశా. తర్వాత కూడా నువ్వొస్తావని చూశా. రాకపోయేసరికి చాలా కష్టమనిపించింది. ఆ రోజుల్లో నీ వైపు ఏం జరిగిందో నాకు తెలీదు. చెప్పాలనుకుంటే వింటా.’ అంతే. ఇందులో ‘నువ్వెప్పుడూ ఇంతే’ లేదు, ‘ఫలానావాడు ఖమ్మం నుంచి వచ్చాడు తెలుసా’ లేదు. రెండోది నోటి చివరిదాకా వస్తుంది, నిజమే. మింగెయ్యాలి. పక్కవాడితో పోలిస్తే స్నేహితుడికి సిగ్గు పుడుతుంది, సిగ్గుపడ్డవాడు ఎదురు తిరుగుతాడు.

‘చెప్పాలనుకుంటే’ అన్న మాటకి అక్కడ పనుంది. వాడి ఉద్యోగం పోయి, చేతిలో డబ్బు లేక, ఉత్త చేతులతో ఎలా రావాలని ఆగిపోయి ఉండొచ్చు. వాళ్లింట్లో బయటికి చెప్పుకోలేని జబ్బు ఉండొచ్చు. వాళ్లమ్మ పోయింది అలాంటి ఐసీయూలోనే అయితే, ఆ తలుపు దగ్గరికి రావడానికే కాళ్లాడకపోవచ్చు. వీటిలో కొన్ని స్నేహితుడికైనా విప్పి చెప్పలేనివి. కారణం చెప్పి తీరాలని పట్టుబడితే అబద్ధం వస్తుంది.

ఇదంతా పెద్ద మెసేజ్‌గా రాసి పంపకపోవడమే మేలు. రాసిన మాటకి గొంతు ఉండదు. చదివినప్పుడల్లా ఇంకాస్త కటువుగా వినిపిస్తుంది. ‘ఆదివారం ఓ పావుగంట మాట్లాడాలిరా, నువ్వు ఖాళీనా?’ అని పంపి, ఫోన్లో చెప్పొచ్చు. పెళ్లిలోనో నలుగురి మధ్యో ఎత్తకూడదు. నాన్న ఇంకా ఆసుపత్రిలో ఉండగా అసలే వద్దు. అప్పుడు కావాల్సింది సాయం. ‘రేపు రక్తం కావాలి, వస్తావా?’ అని సూటిగా అడగాలి, లెక్కలు తర్వాత.

అవతలినుంచి ఏమొస్తుంది? ‘మా చెల్లి పెళ్లికి నువ్వొచ్చావా?’ అని రావచ్చు. నిజమైతే ‘రాలేదు, అది కూడా మాట్లాడుకుందాం’ అనాలి గానీ దానికి దీనికి చెల్లు వేసుకోకూడదు. ‘ఏం మాట్లాడాలో తెలీక భయమేసిందిరా, రోజులు గడిచేకొద్దీ మొహం చెల్లలేదు’ అని రావచ్చు. బయటికి చిన్నగా కనిపించినా చాలామంది విషయంలో నిజమైన కారణం ఇదే కావచ్చు. ఏమీ రాకపోనూవచ్చు. అప్పుడు మళ్లీ మళ్లీ తట్టకుండా కొన్ని వారాలు ఊరుకోవాలి. అయినా పలకకపోతే ఆ స్నేహం ఇక పండక్కీ పబ్బానికీ పలకరింపు మాత్రమేనని సర్దుకోవచ్చు. పగ అక్కర్లేదు.

కారణం న్యాయమైనదే అయినా బాధ అక్కడికక్కడే పోదు. మాట అనేసిన మొహమాటంలో ‘అయ్యో, పర్లేదురా, నేనే ఏదో అనుకున్నా’ అని మొత్తం వెనక్కి తీసుకునేవాళ్లున్నారు. అలా తీసుకున్నది నెల తిరక్కుండా మళ్లీ పైకొస్తుంది, ఈసారి దెప్పుగా. ‘ఇప్పుడు తెలిసింది. నీ మీద కోపం లేదు. నాకు మాత్రం మామూలవడానికి కొంచెం టైం పడుతుంది’ అనడం రెండు వైపులా నిజం. ఆ పైన చేయగలిగిన పని ఒకటి అడగాలి. గుంటూరతనికి అది వెతుక్కోనక్కర్లేదు: ‘నాన్న నిన్ను అడిగారు. సాయంత్రం ఆరింటికి ఫిజియో వెళ్లిపోతాడు, ఆ తర్వాత ఒకసారి వీడియో కాల్ చెయ్యి. మాట నెమ్మదిగా వస్తుంది, తొందరపెట్టకు.’