రెండు బల్బులతో ఒక ఎస్‌ఓపీ

బడిలో పాఠాలు చెబుతూనే ఎడ్యుకేషన్ టెక్నాలజీలో మాస్టర్స్ చేయాలనుకునే టీచర్లకు దరఖాస్తులో గట్టిగా చిక్కొచ్చేది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గరే. అదే, అందరూ ఎస్‌ఓపీ అనే ఒకటి రెండు పేజీల కాగితం. రాయడానికి సరుకు లేక కాదు. తరగతి గదిలో చేసిందంతా వదిలేసి, వాడిన యాప్‌ల పేర్లు వరసగా రాసుకుంటూ పోవడం వల్ల ఆ కాగితం తేలిపోతుంది. స్మార్ట్ బోర్డు వాడాను, క్విజ్ యాప్ పెట్టాను, దీక్షలో వీడియోలు చూపించాను, పిల్లలు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు... ఇలాంటి వాక్యాలు ఎన్ని చదివినా, అంతకుముందు ఆ పిల్లలకు ఏం అర్థం కాలేదో, తర్వాత ఏం అర్థమైందో తెలియదు.

ఈ రంగంలో ఇది పాత గొడవే. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక వ్యాసంలో, కూరగాయలు మోసుకొచ్చిన లారీ వల్ల మన ఒంటికి బలం రాదు కదా, పాఠాన్ని మోసే సాధనం వల్ల చదువు రావడమూ అంతేనని వాదించాడు. ఆయనతో విభేదించినవాళ్లూ ఉన్నారు. కానీ ఎస్‌ఓపీ చదివే ప్రొఫెసర్లకు ఈ వాదన కొట్టినపిండి. ట్యాబ్ వల్ల పిల్లలు బాగా నేర్చుకున్నారని రాస్తే, ట్యాబ్ వల్లా, దానితో మీరు చేయించిన పని వల్లా అన్న ప్రశ్న వాళ్లకు వెంటనే వస్తుంది. దానికి జవాబు కాగితంలోనే ఉండాలి.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్పే మేడమ్ ‘విద్యుత్ ప్రవాహం’ పాఠం మొదలుపెట్టకముందే పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఒకేలాంటి రెండు బల్బులను శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? 38 మందిలో 27 మంది బ్యాటరీ ప్లస్ వైపు ఉన్న బల్బే అన్నారు. కరెంటు ముందు దాని దగ్గరికి వెళ్తుంది, అక్కడ కొంత ఖర్చయిపోతుంది, మిగిలిందే రెండోదానికి అందుతుంది అన్నది వాళ్ల లెక్క. ఇది ఆ ఊరి పిల్లల పొరపాటు మాత్రమే కాదు. ఎన్నో దేశాల్లో పిల్లలు ఇలాగే అనుకుంటారని సైన్స్ బోధన మీద పరిశోధించినవాళ్లు ఎప్పుడో గుర్తించారు. సూత్రాలు బట్టీపట్టి లెక్కలు చేసే పిల్లల్లోనూ ఈ నమ్మకం చెక్కుచెదరదు.

మేడమ్ వాడినవి రెండే సాధనాలు. ఒకటి ప్లికర్స్ కార్డులు. ఒక్కో పిల్లవాడికి నల్లటి గళ్ల ఆకారం ముద్రించిన ఒక్కో కాగితం. నాలుగు అంచుల మీద ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాలుంటాయి. తన జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటే టీచరు ఫోన్ కెమెరా అందరి జవాబులూ చదివేస్తుంది. పిల్లల దగ్గర ఫోన్లు ఉండాల్సిన పని లేదు. అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కవాడిది చూసి కొట్టడమూ కష్టమే. కార్డులు చిరిగిపోతున్నాయని మెరిసే ల్యామినేషన్ చేయిస్తే ట్యూబులైటు వెలుగు పడి కెమెరా చదవదు. వేళ్లు ఆకారం మీద పడ్డా అంతే. ఇలాంటి ముక్క ఒక్కటి ఎస్‌ఓపీలో కనిపిస్తే చాలు, రాసినవాళ్లు నిజంగా వాడారని తెలిసిపోతుంది.

రెండోది ఫెట్ సిమ్యులేషన్. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, ఉచితంగా దొరుకుతుంది. మేడమ్ అందులో 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బులు రెండింటిని శ్రేణిలో కలిపి తెర మీద చూపించారు. అయితే స్విచ్ వేయకముందే కార్డులతో ఒకసారి జవాబులు తీసుకున్నారు. తర్వాత పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని మళ్లీ తీసుకున్నారు. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అప్పుడు అమ్మీటరు పెట్టారు. మొదటి బల్బుకు ముందు 0.45 ఆంపియర్లు, రెండింటి మధ్యా అంతే, రెండోదాని తర్వాతా అంతే. వెలుగూ సమానమే.

అసలు కథ మర్నాడు నడిచింది. కొట్టులో కొన్న రెండు టార్చి బల్బులను నిజంగా కలిపి చూపిస్తే ఒకటి కాస్త మసగ్గా వెలిగింది. “కంప్యూటర్‌లో సమానంగా వెలిగాయి, ఇక్కడ లేదేంది మేడమ్?” అని ఒక అమ్మాయి అడిగింది. ఒకే రకమని అమ్మే బల్బుల ఫిలమెంట్లలోనూ కొద్దిపాటి తేడా ఉంటుంది. సిమ్యులేషన్‌లో ఆ తేడా ఉండదు. మేడమ్ జవాబు చెప్పకుండా రెండు బల్బులనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి పెట్టించారు. మసకబల్బు ప్లస్ వైపుకు వచ్చినా మసగ్గానే వెలిగింది. అంటే తేడా బల్బులో ఉంది, అది ఉన్న చోటులో లేదు. తెర మీది పాఠానికి ఆ రోజు నిలబడే బలం వచ్చింది.

పాఠం అయ్యాక మూడు బల్బులతో మార్చి అడిగిన ప్రశ్నకు పాత నమ్మకంతో జవాబు రాసినవాళ్లు 9 మంది. నెల తర్వాత మళ్లీ అలాంటిదే అడిగితే 15 మంది. చాలామంది టీచర్లు ఆ 9 దగ్గరే ఆగిపోతారు, 15 సంగతి రాయరు. నన్నడిగితే ఎస్‌ఓపీలో అన్నిటికన్నా విలువైన అంకె ఆ 15. కొత్త వస్తువు మోజు తీరాక ఎంత మిగిలిందో చెప్పేది అదే. పైగా ఆరుగురు పాత నమ్మకానికి ఎందుకు తిరిగి వెళ్లారన్నది మాస్టర్స్‌లో చదవదగ్గ ప్రశ్న.

ఇక్కడే మరో జాగ్రత్త. పక్క సెక్షన్‌లో బోర్డు మీదే చెబితే నెల తర్వాత కూడా ఎక్కువమంది మారలేదనుకుందాం. వెంటనే గెలుపు ప్రకటించకూడదు. సాధనాలు వాడిన సెక్షన్‌కు రెండు పీరియడ్లు అదనంగా దొరికాయి. వాదించుకునే అవకాశమూ వాళ్లకే వచ్చింది. ఫలితం తెర వల్లా, వాదన వల్లా, అదనపు సమయం వల్లా? ఈ మూడింటినీ తన ప్రయోగం విడదీయలేకపోయిందని మేడమ్ తనే రాయాలి. లెక్కలో మూడు పరీక్షలూ రాసిన పిల్లలనే తీసుకోవాలి, లేకపోతే హాజరు తేడాలే ఫలితంలా కనిపిస్తాయి. పిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం కాగితంలోకి రానివ్వకూడదు.

ఇంతదాకా వచ్చాక ‘ఈ కోర్సే ఎందుకు’ అన్న పేరా కష్టం కాదు. మూడు కారణాలను విడదీసేలా ప్రయోగం ఎలా కట్టాలో తెలియలేదు కాబట్టి పరిశోధన పద్ధతుల పేపరు కావాలి. సిమ్యులేషన్ నుంచి నిజమైన బల్బుకు పిల్లలను దాటించే పాఠం తయారుచేయాలి కాబట్టి లెర్నింగ్ డిజైన్ కావాలి. స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్‌లలో ఈ కోర్సుల పేర్లలోనే ‘లెర్నింగ్ డిజైన్’ అన్న మాట ఉంది. కోడింగ్ రాదని భయపడే టీచర్లు ఈ సంగతి గమనించాలి. ఆ వర్సిటీ వెబ్‌సైట్‌లో ఏ ప్రొఫెసర్ ఏ పని చేస్తున్నారో చూసి, మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ఒకరిద్దరి గురించి రాస్తే సరిపోతుంది. ర్యాంకింగుల పొగడ్త వాళ్లకు అక్కర్లేదు.

మొదటి వాక్యం సంగతి. ‘చిన్నప్పటి నుంచీ నాకు టెక్నాలజీ అంటే ఇష్టం’ అని మొదలుపెట్టే బదులు, ‘నా పదో తరగతిలో 38 మందికి 27 మంది కరెంటు బల్బులో ఖర్చయిపోతుందని నమ్మారు’ అని మొదలుపెడితే చదివేవాళ్లు రెండో వాక్యానికి ఆత్రపడతారు.

అమెరికా వర్సిటీల గడువులు చాలావరకు డిసెంబరు, జనవరిలో ముగుస్తాయి. నెల తర్వాతి పరీక్ష కూడా లెక్కలోకి రావాలంటే పాఠం ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కావాలి. ముందు పరీక్షను పాఠం అయిపోయాక పెట్టడానికి వీల్లేదు. కాబట్టి ఈ ఏడాది దరఖాస్తు పెట్టదలచిన టీచర్లు యాప్ వెతకడానికి ముందు ఒక ప్రశ్న రాసి పిల్లలకివ్వండి, ఆ జవాబు కాగితాల మీద తేదీ వేసి దాచుకోండి.