ఒక్క ‘ఓ’ తేడా!

బెంగళూరులో ఓ సెల్‌ఫోన్ రిపేరు షాపు. ఇంజినీరింగ్ కుర్రాడొకడు ఫోను కౌంటరు మీద పెట్టి ‘ప్లీజ్ టెల్ మి వెన్ విల్ ఇట్ బి రెడీ’ అన్నాడు. ‘ఈవెనింగ్ సిక్స్ ఓ క్లాక్’ అన్నాడు షాపతను. సాయంత్రం ఆరింటికి ఫోను చేతికొచ్చింది. బిల్లు దగ్గర మాట కలిశాక తెలిసిందేమిటంటే... ఇద్దరిదీ గుంటూరు జిల్లాయేనట!

ఆ కుర్రాడు మా పిన్నిగారి మనవడు. ఈ సంగతి వాడే నవ్వుతూ చెప్పాడు. వాడన్న ఇంగ్లిషు వాక్యంలో తప్పుందని మాత్రం వాడికి తెలీదు. షాపతనికీ తెలియాల్సిన అవసరం రాలేదు. నోటిమాటకు ఆ వెసులుబాటు ఉంది. గొంతు, చెయ్యి, కౌంటరు మీదున్న ఫోను... అన్నీ కలిసి అర్థాన్ని మోసుకుపోతాయి. అదే తరహా వాక్యాన్ని ఆర్నెల్ల తర్వాత ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి మెయిల్లో రాశాడు. అప్పుడు మాత్రం వారం రోజులు గోళ్లు కొరుక్కోవాల్సి వచ్చింది. ఆ కథకు వెళ్లేముందు అసలు తప్పేమిటో చూద్దాం.

‘వెన్ విల్ ఇట్ బి రెడీ?’ అని ఊరుకుంటే అది నూటికి నూరుపాళ్లూ సరైన వాక్యం. మర్యాద కోసం ముందు ‘ప్లీజ్ టెల్ మి’ తగిలించగానే చెడింది. ‘కుడ్ యు టెల్ మి’, ‘డు యు నో’, ‘ఐ వాంట్ టు నో’, ‘ఐ డోంట్ నో’... వీటిలో ఏది ముందు పెట్టినా అంతే. ఎందుకని? ఇంగ్లిషులో మామూలు మాట ‘ఇట్ విల్ బి రెడీ’. దాన్ని ప్రశ్న చేయాలంటే ‘విల్’ను ‘ఇట్’ ముందుకు గెంటాలి. ఆ తిరగేయడమే వాళ్లకు ప్రశ్న గుర్తు. అయితే ప్రశ్న మరో వాక్యం కడుపులోకి వెళ్లిపోయాక దానికి ఆ గుర్తుతో పనిలేదు. తిరగేసినదాన్ని మళ్లీ సరిచేసేయాలి. ‘ప్లీజ్ టెల్ మి వెన్ ఇట్ విల్ బి రెడీ’. అంతే.

మనకు ఇది అలవాటు కాకపోవడానికి తెలుగే కారణం అంటారు చాలామంది. నాకు మాత్రం అలా అనిపించదు. ఎందుకంటే ఈ తేడా తెలుగులోనూ ఉంది, అదీ ఎంతో కచ్చితంగా! నేరుగా అడిగితే ‘ఎప్పుడవుతుంది?’ అంటాం. ముందో వెనకో ‘చెప్పండి’ చేరిస్తే ‘ఎప్పుడవుతుందో చెప్పండి’ అంటాం. ‘ఎప్పుడవుతుంది చెప్పండి’ అని కూడా అంటాంగానీ అప్పుడు మధ్యలో చిన్న విరామం ఇస్తాం. అవి రెండు మాటలు. ఒకే మాటగా కలిపామా, చివర ‘ఓ’ రావాల్సిందే. కోస్తాలో ‘ఎప్పుడవుద్దో’ అన్నా, తెలంగాణలో ‘ఎప్పుడైతదో’ అన్నా ‘ఓ’ మాత్రం తప్పదు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా ‘వాడు ఎక్కడున్నాడో ఏం తింటున్నాడో తెలీదు’ అంటుందే తప్ప అక్కడ ‘ఓ’ మరిచిపోదు.

అంటే కడుపులో ఉన్న ప్రశ్నకు తెలుగు ఒక గుర్తు చేరుస్తుంది. ఇంగ్లిషు ఉన్న గుర్తు తీసేస్తుంది. దారులు వేరు, చేసే పని ఒకటే. కాబట్టి చిక్కులేని కిటుకు ఒకటుంది. చెప్పదలుచుకున్నది ముందు మనసులో తెలుగులో అనుకోండి. ‘ఓ’ వినిపిస్తే ఇంగ్లిషులో తిరగేయకండి. ‘బస్సు ఎక్కడ ఆగుతుంది?’ అంటే ‘వేర్ డజ్ ద బస్ స్టాప్?’. ‘బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసా?’ అంటే ‘డు యు నో వేర్ ద బస్ స్టాప్స్?’.

ఈ చివరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చాలామంది ‘డజ్’ తీసేయాలని గుర్తుపెట్టుకుంటారు. తీసేసి ‘వేర్ ద బస్ స్టాప్’ అని వదిలేస్తారు. ‘డజ్’ పోతూపోతూ తనతో పట్టుకెళ్లిన ‘ఎస్’ను క్రియకు తిరిగి ఇచ్చేయాలి... ‘స్టాప్స్’. ‘డిడ్’ కూడా అంతే. ‘వాట్ డిడ్ హి సే?’ కాస్తా ‘టెల్ మి వాట్ హి సెడ్’ అవుతుంది. ‘డిడ్’ దాచుకున్న భూతకాలం ‘సే’ మీదకు వచ్చి ‘సెడ్’ అయింది.

మరి అవునా కాదా అనే ప్రశ్నలో? ‘ఈజ్ ద డాక్టర్ ఇన్?’ అని అడగొచ్చు. ‘డు యు నో ఈజ్ ద డాక్టర్ ఇన్’ అనకూడదు. ఇక్కడా తెలుగే ఆదుకుంటుంది. ‘డాక్టరుగారు ఉన్నారో లేదో తెలుసా?’ అంటాం కదా, ఆ ‘ఓ... ఓ’ల జంటకు ఇంగ్లిషులో సమానం ‘వెదర్’. ‘డు యు నో వెదర్ ద డాక్టర్ ఈజ్ ఇన్?’ మామూలు మాటల్లో ‘ఇఫ్’ అన్నా సరిపోతుంది.

‘హూ కేమ్?’ లాంటి వాటితో గొడవే లేదు. అక్కడ తిరగేసిందే లేదు కాబట్టి ‘టెల్ మి హూ కేమ్’ అని ఉన్నదున్నట్టు పెట్టేయొచ్చు.

ఇంత సులువైతే బడిలో ఎందుకు పట్టుబడలేదు? పట్టుబడింది! పదో తరగతిలో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ పాఠం అందరం చదివాం. ‘హి సెడ్ టు మి, వేర్ ఆర్ యు గోయింగ్?’ అని ఇస్తే ‘హి ఆస్క్డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్’ అని రాసి మార్కులు కొట్టేశాం. కానీ ఆ పాఠంలో ప్రశ్నలన్నీ కొటేషన్ గుర్తుల్లో ఉంటాయి. వాటిని చూడగానే చెయ్యి దానంతటదే మార్చేస్తుంది. ‘ప్లీజ్ టెల్ మి’కి కొటేషన్లు ఉండవు కదా! ఇదీ అదే పాఠమని ఎవరికీ తట్టదు. మా పిన్ని మనవడికి ఇంగ్లిషులో మంచి మార్కులే వచ్చాయి మరి.

ఇక వాడి మెయిల్ సంగతి. కంపెనీ వాళ్లు చేరేముందు కాలేజీ నుంచి ఒక సర్టిఫికెట్ అడిగారు. వీడు వెళ్లి డిపార్ట్‌మెంట్ హెడ్‌ని కలిశాడు. ‘నేను సోమవారం పంపిస్తాలే’ అన్నారాయన. వీడు ఇంటికొచ్చి కంపెనీకి ఇలా రాశాడు: ‘మై హెడ్ టోల్డ్ దట్ ఐ విల్ సెండ్ ద సర్టిఫికెట్ ఆన్ మండే. ప్లీజ్ టెల్ మి ఈజ్ ఇట్ ఓకే అండ్ వెన్ విల్ బి ద జాయినింగ్ డేట్’.

రెండో వాక్యం మనం చూసిన తప్పే. చదివేవాళ్లకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది తప్ప అర్థమవుతుంది. ప్రమాదం మొదటిదాంట్లో ఉంది. ఆ ‘ఐ’ ఎవరు? వీడి దృష్టిలో హెడ్‌గారు. ఇంగ్లిషు చదివేవాళ్ల దృష్టిలో మెయిల్ రాసినవాడే! ‘సర్టిఫికెట్‌ను అభ్యర్థే సోమవారం మెయిల్ చేస్తాడు’ అని వాళ్లు రాసుకున్నారు. ‘సరే, మీరు పంపగానే తేదీ చెబుతాం’ అని జవాబిచ్చారు. ఆ ‘మీరు’ కాలేజీ వాళ్లనుకున్నాడు వీడు. సోమవారం వెళ్లిపోయింది. మంగళవారం ‘మీరు పంపుతామన్నది ఇంకా అందలేదు’ అని ఇంకో మెయిల్. వీడు హెడ్‌గారికి ఫోన్ చేస్తే ‘నిన్ననే కొరియర్ చేశానయ్యా’ అన్నారాయన.

ఇది మాత్రం అచ్చంగా తెలుగు నుంచి వచ్చిన తప్పు. ఎదుటివాళ్ల మాటను మనం ఉన్నదున్నట్టు ఎత్తి చివర ‘అని’ తగిలిస్తాం. ‘నేను సోమవారం పంపిస్తాను అని అన్నారు’. ఆ ‘అని’ని ‘దట్’గా మార్చేసి, మిగతాదంతా అలాగే దింపేస్తాం. కానీ ‘అని’ కొటేషన్ గుర్తులాంటిది, లోపలి మాటను ముట్టుకోదు. ‘దట్’ అలా కాదు. అది వచ్చిందంటే లోపలి మాట చెప్పేవాడి మాటగా మారిపోవాలి. అందుకే ‘హి ఆస్క్డ్ దట్ వేర్ ఆర్ యు గోయింగ్’ అన్నదీ తప్పే. అక్కడ ప్రశ్నపదం ఉండగా ‘దట్’కు చోటే లేదు.

నిజానికి ఈ ‘నేను’ గొడవ తప్పించుకోవడానికి మన భాషలో చక్కటి ఏర్పాటుంది. ‘తాను పంపిస్తానన్నారు’ అంటాం. ‘తాను’ అంటే ఆయనే. క్రియ చివర మాత్రం ‘పంపిస్తాను’ అని ‘నేను’కు సరిపోయే రూపం అలాగే ఉంటుంది. అసలు ‘తాను’ కూడా అక్కర్లేదు, ‘సార్ పంపిస్తానన్నారు’ అంటే చాలు, పంపేది సారేనని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నన్నే పంపమని ఉంటే ‘సార్ పంపమన్నారు’ అనేవాళ్లం. ఇంగ్లిషులో ఈ రెండూ పూర్తిగా వేర్వేరు వాక్యాలు. మొదటిది ‘హి సెడ్ హి వుడ్ సెండ్ ఇట్’, రెండోది ‘హి టోల్డ్ మి టు సెండ్ ఇట్’. రెండోదాంట్లో ‘టోల్డ్’ వెనక ‘మి’ని గమనించండి. మనం ‘చెప్పారు’ అంటే సరిపోతుందిగానీ ఇంగ్లిషు ‘టోల్డ్’ పక్కన ఎవరికి చెప్పారో ఉండాలి. ఆ మనిషి అక్కర్లేకపోతే ‘సెడ్’ వాడుకోవచ్చు.

‘విల్’ కాస్తా ‘వుడ్’ ఎందుకైందని వాడు అడిగాడు. ఇంగ్లిషులో ‘సెడ్’ భూతకాలం కాబట్టి లోపలి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి దిగుతుంది. తెలుగులో అలా దిగదు. ‘పంపిస్తానన్నారు’లో ‘పంపిస్తాను’ అలాగే ఉంది చూడండి. అయితే ఇది పాఠాల్లో చెప్పినంత మొండి నియమం కాదు. సోమవారం ఇంకా రాకముందే రాస్తుంటే ‘హి సెడ్ హి విల్ సెండ్ ఇట్ ఆన్ మండే’ అన్నా తప్పు పట్టరు. ‘టుమారో’ను ‘ద నెక్స్ట్ డే’ చేయడమూ అంతే. అదే రోజు చెబుతుంటే ‘టుమారో’ని మార్చకూడదు, మారిస్తేనే గందరగోళం. కాలం విషయంలో ఇంత పట్టువిడుపు ఉంది. ‘ఐ’ని ‘హి’ చేయడంలో మాత్రం లేదు.

మంగళవారం రాత్రి ఇద్దరం కూర్చుని మెయిల్ తిరగరాశాం. ‘మై హెడ్ సెడ్ హి వుడ్ సెండ్ ద సర్టిఫికెట్ హిమ్‌సెల్ఫ్. హి కొరియర్డ్ ఇట్ ఆన్ మండే. ప్లీజ్ లెట్ మి నో వెదర్ యు హావ్ రిసీవ్డ్ ఇట్, అండ్ వెన్ ఐ కెన్ జాయిన్’. పంపబోతూ చివర ప్రశ్నార్థకం పెట్టాడు. తీయించేశాను. లోపల ప్రశ్నలున్నా బయటి వాక్యం ‘తెలియజేయండి’ అనే కదా, చుక్క చాలు. ‘కుడ్ యు లెట్ మి నో’ అని మొదలుపెట్టి ఉంటే బయటి వాక్యమే ప్రశ్న అయ్యేది, అప్పుడు ప్రశ్నార్థకం ఉండాల్సిందే.

బుధవారం మధ్యాహ్నం జవాబొచ్చింది. కవరు ఆ ఉదయమే అందిందట. వీడే మెయిల్లో పంపుతాడనుకున్నవాళ్లు కాలేజీ పేరున్న కవరు కోసం ఎదురుచూడలేదు. వీడి మెయిల్ చూసి వెతికితే రిసెప్షన్ బల్ల మీద, విప్పకుండా దొరికిందట. చేరే తేదీ వారం వెనక్కి జరిగింది.